ఒకే ప్రాజెక్టు, రెండు పేర్లు

స్టాఫ్ రూములో మేడమ్ రెండు ప్రాజెక్టుల్ని పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద నా పేరు, రెండోదాని మీద నా స్నేహితురాలి పేరు. లోపల అక్షరం తేడా లేదు. ఆఖరికి నేను తప్పుగా రాసిన ఒక స్పెల్లింగు కూడా రెండింట్లోనూ అలాగే ఉంది.

"ఇది ఎవరు రాశారు?" అని బెంగాలీలో అడిగింది మేడమ్.

ఇద్దరం తల దించుకున్నాం. నేనే రాశాను. కానీ ఆ మాట చెబితే తను దొరికిపోతుంది.

"అయితే ఇద్దరికీ సున్నా. శుక్రవారం దాకా టైమిస్తాను. ఎవరైనా నిజం చెబితే అప్పుడు చూస్తాను."

అప్పటికి నేను సోషియాలజీలో చేరి ఏడాది కాలేదు. మాది బెంగాల్లో సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ. నది అవతల గార్డెన్ రీచ్ నుంచి వచ్చే ఈ బెంగాలీ అమ్మాయే కాలేజీలో నాకు మొదటి స్నేహితురాలు. మొదటి వారంలో నేనొక సీనియర్‌ని పేరు పెట్టి పిలిస్తే క్యాంటీన్ అంతా ఘొల్లున నవ్వింది. ఈ అమ్మాయే నా చెయ్యి గిల్లి, "పేరు చివర 'దీ' తగిలించు. అక్క అన్నమాట" అని నేర్పింది.

ఆ సంగతి, ఎవరి పేరూ లేకుండా 'ఒక అమ్మాయి' అని, ప్రాజెక్టులో రాశాను. అసలు ప్రాజెక్టు విషయమే అది: కాలేజీలో మనుషుల్ని నడిపించే కట్టుబాట్లు. క్లాసులో మేడమ్ చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. "రేపు మీలో ఒకరు నైటీలో క్లాసుకొచ్చారనుకోండి. నవ్వుతారు, వెనకాల చెవులు కొరుక్కుంటారు. అంతకుమించి ఏమీ కాదు. అలాంటి చిన్న అలవాట్లు ఫోక్‌వేస్. అదే ఒకరు, చూపు లేని మన క్లాసు అబ్బాయి పాఠాలు వినే రికార్డర్ దొంగిలించారనుకోండి. నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. దాటితే తప్పు చేశాడని అందరూ మండిపడే గట్టి కట్టుబాట్లు మోరెస్. ఈ రెండూ నార్మ్స్‌లో రకాలే. నిజాయితీ, స్నేహం లాంటివి వేల్యూస్, అంటే మనం గొప్పగా ఎంచేవి. ఎలా ఉంటే మంచిదో విలువ చెబుతుంది. ఫలానా చోట ఏం చెయ్యాలో నార్మ్ చెబుతుంది."

వెనక బెంచీ అబ్బాయి, "మరి ఐడీ కార్డు లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారే, అది?" అన్నాడు.

"అది రాసి పెట్టిన నిబంధన. ఆపే అధికారం గేటు మనిషికి కాలేజీ ఇచ్చింది, కాబట్టి ఆపడం ఫార్మల్ శాంక్షన్. సీనియర్‌ని పేరు పెట్టి పిలిస్తే నవ్వే అధికారం ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. అయినా నవ్వుతారు. అది ఇన్‌ఫార్మల్. శాంక్షన్ అంటే శిక్షే కాదు, చప్పట్లు కూడా. దారిలో పెట్టేదేదైనా శాంక్షనే."

అన్నీ నోట్ చేసుకున్నాను. అర్థమైందనే అనుకున్నాను.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందు రోజు నా స్నేహితురాలు ఫోన్ చేసింది. పొద్దున్నే పిల్లలకు ట్యూషన్లు చెప్పి కాలేజీకి వచ్చేది తను. "నీది ఒక్కసారి పంపు, చూసి నాది రాసుకుంటాను" అంది. పంపాను. తను పేరు మాత్రం మార్చింది.

స్టాఫ్ రూము నుంచి బయటికి రాగానే క్లాసు సగం మా చుట్టూ మూగింది. నేను స్నేహితురాలి మీద నోరు విప్పలేదని తెలిసి నా భుజం తట్టారు. ఒక సీనియర్ దీ మట్టి కప్పులో టీ తెప్పించి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు నువ్వు మా మనిషివి" అంది. చేరినప్పటి నుంచి నేను ఎదురుచూసిన మాట అది. టీ సగం తాగి కప్పు పక్కన పెట్టేశాను.

మర్నాటి నుంచి నాకు కొత్త పనులు పడ్డాయి. "ఇవాళ నా రోల్ నంబరు పిలిస్తే ప్రెజెంట్ అనెయ్, నువ్వయితే చెప్పవు కదా" అన్నారొకరు. అన్నాను. రెండో రోజు ఇంకొకరి బదులు అన్నాను. మూడో రోజు నా నంబరు పిలిచినప్పుడు కూడా దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలుసు.

గురువారం సాయంత్రం అమ్మ చిక్కుళ్లు వలుస్తూ నా మొహం చూసింది.

"ఏటే, మూడు దినాల్నించి అలగున్నావు?"

చెప్పాను.  అమ్మ మా చర్చిలో పాతకాలం సంగతి ఎత్తింది. ఒకావిడ పెద్దలకి ఇష్టం లేని పెళ్లి చేసుకుందట.

"ఎవులూ కొట్నేదు, తిట్నేదు. ఆదివారం ఆవిడ కూకున్న బెంచీ మీద ఎవులూ కూకోనేదంతే. నేనూ కూకోనేదే. ఏడాది తిరక్కుండా రాడం మానీసింది."

"అయితే చెప్పొద్దంటావా?"

"సెప్పమనే అంటన్నాను. కానీ ఏటవుద్దో తెలిసి సెప్పు. తర్వాత నా కాడికొచ్చి ఏడవకు."

శుక్రవారం ముందుగా నా స్నేహితురాల్నే మెట్ల దగ్గర ఆపాను. "నువ్వే చెప్పెయ్. నేనూ పక్కనే ఉంటాను" అన్నాను.

"నేనేమైనా దొంగిలించానా? నువ్వే పంపావు" అంది. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. "నాకు సున్నా అయినా ఫరవాలేదు. కానీ క్లాసులో నా మొహం ఎలా చూపించను?"

తను అన్నదీ నిజమే. పంపింది నేనే. ఆ మాటతో అరగంట వరండాలో నిలబడిపోయాను. ఆ తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్లి, నేను రాశానని, నేనే పంపానని, రెండూ చెప్పాను.

మేడమ్ మెచ్చుకోలేదు. "కాపీ కొట్టడానికి ఇవ్వడమూ తప్పే" అంది. నాకు కొన్ని మార్కులు కోసింది. నా స్నేహితురాలు సంజాయిషీ లేఖ రాసి, కొత్త ప్రాజెక్టు చెయ్యాలంది. నేను బయల్దేరుతుంటే, "బయట నీకు పడే శిక్ష నా చేతిలో లేదు. దాన్ని నేను ఆపలేను" అంది.

సోమవారం నేను రోజూ కూర్చునే చోట ఎవరిదో బ్యాగు ఉంది. తియ్యమని అడిగితే అందరూ వినపడనట్టే ఉన్నారు. క్లాసు వాట్సాప్ గ్రూపు చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. నేను లేని కొత్త గ్రూపు మొదలైందని వారం తర్వాత తెలిసింది. క్యాంటీన్‌లోకి అడుగుపెడితే ఒక మూల నుంచి "ఖోచర్" అని దగ్గు కలిపి వినిపించేది. పోలీసులకు కబుర్లు మోసేవాణ్ని ఇక్కడ అలా అంటారు. సున్నా ఇచ్చి ఉంటే ఒక్క పేపరుతో పోయేది. దీనికి గడువే లేదు.

ఒకరోజు చేతులు కడుక్కునే చోట నా స్నేహితురాలు ఒక్కతే కనిపించింది. కుళాయి కట్టెయ్యకుండానే, నా వైపు చూడకుండా, "కొత్త ప్రాజెక్టు ఇచ్చేశాను. ట్యూషన్లు తగ్గించి నేనే రాశాను" అంది.

"బాగా వచ్చిందా?"

"నీ అంత కాదు." పెదవి చివర నవ్వు. "నీతో మాట్లాడితే నన్నూ వెలేస్తారు. నీకు తెలుసు కదా."

"తెలుసు."

బయట చెప్పుల చప్పుడైంది. తను గబగబా చేతులు దులుపుకుని, నేనక్కడ లేనట్టే వెళ్లిపోయింది. కోపం రాలేదు. తన స్థానంలో నేనుంటే నేనూ అంతే చేసి ఉండేదాన్నని, అమ్మలాగా, నాకు తెలుసు.

మిగిలిన రెండేళ్లూ అలాగే గడిచాయి. గోడ పక్క బెంచీలో చూపు లేని అబ్బాయి పక్కన కూర్చునేదాన్ని. నా స్నేహితురాలూ నేనూ మాట్లాడుకున్నాం, చాలాసార్లే. చుట్టూ ఎవరూ లేనప్పుడు మాత్రమే.