హాస్టల్ పైఅంతస్తు, జొన్న బస్తాలు

1974 మార్చి, ఆదివారం సాయంత్రం, నాందేడ్. హాజరు: మా విద్యాసంస్థ అధ్యక్షుడు, మోండా బజారులో ధాన్యం అడతి వ్యాపారి అయిన సేఠ్, ఆడపిల్లల హాస్టల్ చూసుకునే బాయి, హైదరాబాదు నుంచి వచ్చిన డిజైన్ ఇంజనీరు, గుత్తేదారు, సంస్థ తరఫున కట్టడం పని చూసే ఓవర్సీర్‌నైన నేను. చాయ్ రెండుసార్లు వచ్చిందని కూడా డైరీలో రాసుకున్నాను.

కొత్త హాస్టల్ మూడంతస్తులది. పునాది గుంతలు తవ్వడం అయిపోయింది. అంతలో సిమెంటు, ఇనుము ధరలు పెరిగి అంచనా మా చేయి దాటిపోయింది.

"పైఅంతస్తు తీసేస్తే అయిపాయె. ఏంది బాయీ, రెండు చాలయా?" అన్నాడు సేఠ్.

"చాలవు సేఠ్‌జీ. హిమాయత్‌నగర్ నుంచి, ధర్మాబాద్ నుంచి అచ్చే పిల్లల్ని ఏడ పండవెట్టాలె? మీ దుకాణం మీదనా?"

ఆమె నవ్వుతూనే అంది గాని, కళ్ళలో నవ్వు లేదు. ఆ ఏడు గది లేదని చెప్పి ఎంతమంది తండ్రుల్ని బస్టాండు దాకా తిరిగి పంపిందో నాకు తెలుసు.

గుత్తేదారు గొంతు సవరించుకున్నాడు. "కడ్డీల చుట్టు కాంక్రీటు కొంచెం పల్చగ చేద్దాం సాబ్. ఎవరికి కానొస్తది?"

"తుప్పుకు కానొస్తది. అది కడ్డీకి చొక్కా. దాని జోలికి పోవద్దు," అన్నాడు ఇంజనీరు.

నేను నక్షా పరచి, వారం నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగాను. పిల్లలు పండుకునే గదులకు, వాళ్ళ మంచాలకు, ట్రంకు పెట్టెలకు లెక్కించే బరువు ఒకటి. ఈ నక్షాలో మూడు అంతస్తులకూ గోదాముకు పట్టే బరువు వేసి ఉంది. అందుకే దూలాలంత లోతు, వాటిలో అంత ఇనుము. "సాబ్, హాస్టల్‌కు గోదాము బలమెందుకు?"

"నన్నడుగుతవేంది? సేఠ్‌జీయే చెప్పిండు, మొత్తం గోదాము లెక్క గట్టిగుండాలని."

సేఠ్ చాయ్ కప్పులోకి చూసుకున్నాడు. బాయి ఈసారి నిజంగానే నవ్వింది. "ఎండకాలం సెలవులల్ల పాత హాస్టల్ నిండ ఎవరి జొన్నలుంటయో ఊరంత తెలుసు సాబ్. జూన్‌ల మేమచ్చెటాల్లకు పురుగులు ముందుగాల స్వాగతం చెప్తయి."

"సెలవులల్ల ఖాళీగ ఉంచి ఏం చేస్తరు? గదులకు గాలి ఆడాలె గద!" అన్నాడు సేఠ్.

"బస్తాలతోని గాలి ఆడుతదా?" అన్నాడు గుత్తేదారు. సేఠ్ తప్ప అందరం నవ్వాం.

నా ప్రతిపాదన చెప్పాను. నల్లరేగడి నేల, వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. కాబట్టి పునాదులు, కింది స్తంభాలు నక్షాలో ఉన్నట్టే ఉండాలి. వసారాలు, మెట్లమీద పిల్లలు ఒక్కసారే గుమికూడతారు, అక్కడి బరువు లెక్క తగ్గకూడదు. పైగదులకు మాత్రం నివాసపు బరువు వేసి దూలాలు, స్లాబులు మళ్ళీ లెక్కగట్టాలి. పైస్తంభాలలో ఇనుము తగ్గుతుంది, కొలత మాత్రం మార్చొద్దు. కొలత ఒకటే అయితే కింద కాంక్రీటు పోసిన అచ్చుచెక్కలే విప్పి పైఅంతస్తుకు బిగించుకోవచ్చు, కొత్త చెక్క కోయనక్కరలేదు.

ఇంజనీరు జేబులోంచి స్లైడ్ రూలు తీశాడు. గుత్తేదారు రేట్లు చెబుతూ పోయాడు. చివరికి ఇంజనీరు తలెత్తాడు. "మూడు అంతస్తులు ఉన్న పైసలల్లనే అయితయి. గని సేఠ్‌జీ, పైన బస్తాలు పేర్చద్దు. చదరపు మీటరుకు రెండు బస్తాల బరువే లెక్క. మీరేమో కప్పు తగిలేదాక పేరుస్తరు. మూడంతస్తుల పిల్లలా, రెండంతస్తుల బస్తాలా, మీరే చెప్పుండ్రి."

"నా జొన్నలు ఏడ పోవాలె?"

"వంటింటి పక్క నేలమీద ఓ గది ఉంటది," అన్నాను. "రేగడి తీసి మొరం పోసి దిమ్మిస కొట్టిస్తం. బరువు భూమి మోస్తది, దూలాలు, స్తంభాలు కాదు."

"అది పిల్లల జొన్నలకు. మీ యాపారం జొన్నలు మోండాలనే ఉండనియ్యుండ్రి," అంది బాయి.

సేఠ్ రెండో చాయ్ పూర్తిగా తాగాడు. "పోయినేడు ఎలుకలు మస్తు తిన్నయి," అన్నాడు చాయ్ కప్పు కింద పెడుతూ. "పిల్లలనే పెట్టుండ్రి. వీండ్లనైతే ఎలుకలు తినయి గద."

బాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాసేపటికి ఇటు తిరిగి, పైఅంతస్తులో నీళ్ళ తొట్టి ఏ మూల వస్తుందని నన్ను అడిగింది.

మరునాడు పొద్దున మొదటి పునాది గుంతలో కాంక్రీటు పోస్తుండగా సేఠ్ వచ్చాడు. వెంట మోండా నుంచి ఇంకో వ్యాపారి, ఆయన ఎండు మిరపకాయల వాడు. సెలవుల్లో పైగది ఒకటి తనకూ ఇప్పించమని దారి పొడుగునా అడుగుతూ వచ్చాడట.

సేఠ్ గుంత అంచున నిలబడి, చేతికర్రతో గాలిలో దూలం గీసి చూపించాడు. "అరే భాయ్, ఇది నివాసం లెక్కల కట్టుడు. మీటరుకు రెండు బస్తాలు. సమజైతుందా? మీటరంటే చదరం మీటరు!"

"మిరపకాయలు అల్కగ ఉంటయి, బరువుండయి గద సేఠ్‌జీ?"

సేఠ్ ఇబ్బందిగా నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"అల్కగున్నా ఘాటెక్కువ," అన్నాడు. "పోరీలు తుమ్ముతరు. నడువ్, పోదాం."