గీతలు పడ్డ అక్క స్కాన్

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన నిదానం. ఆ పేరు పెట్టింది సొంత అక్కే. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆవిడే కాబట్టి పేరు పెట్టే హక్కూ, కేకలేసే హక్కూ రెండూ ఆవిడవే. మెట్ల కింద ఒక చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. కొత్తవి అమ్మడం మాత్రం చేతకాదు మహానుభావుడికి. చచ్చిన డిస్కులు, చెరిగిపోయిన పెళ్ళి ఫొటోలు, నీళ్ళలో పడ్డ పెన్ డ్రైవులు, ఇవే ఆయన లోకం. "ఎంతసేపు పడుతుందండీ?" అని ఎవరైనా అడిగితే "పట్టినంతసేపు" అంటాడు. ఒళ్ళు మండుతుంది. అయినా ఏం చేస్తాం, మన సరుకు ఆయన చేతిలో ఉంటుంది కదా!

ఆ ఉదయం షాపు తీసీ తీయగానే వాళ్ళ బావ వచ్చాడు. చేతిలో ఒక సీడీ, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బావమరిదీ, మీ అక్క ఊపిరితిత్తిలో ఏదో మచ్చ కనబడిందట. దగ్గు తగ్గకపోతే స్కాన్ తీశారు. అందులో బయటపడింది."

నిదానం చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"కొత్తదైతే కొయ్యాలంటున్నారు. ఎప్పట్నుంచో ఉండి, పెరగకుండా ఉంటే అక్కర్లేదట. పాత స్కాన్ ఏమైనా ఉందా అని డాక్టరుగారు అడిగారు. అప్పుడెప్పుడో మెట్ల మీంచి పడినప్పుడు ఛాతీకి తీశారు చూడూ, అదే ఇది. ఆ ఆసుపత్రి మూతబడి చాలాకాలమైంది. ఉన్నది ఈ ఒక్కటే."

నిదానం సీడీని వెలుతురుకి తిప్పి చూశాడు. అక్క ఇంట్లో తాళాలు, కత్తెర, రాలిన బొత్తాలు ఉండే సొరుగులో ఇన్నేళ్ళూ దొర్లింది పాపం. అదొక్కటేనా, వెనకంతా గుండ్రంగా మసక, గీతల్లో తెల్లగా ఏదో గడ్డకట్టింది.

"ఇదేంటి బావా?"

"టూత్ పేస్టు" అన్నాడు బావ తల దించుకుని. "ఫోన్లో ఒకడు చూపించాడు. రుద్దితే గీతలు పోతాయన్నాడు. గుండ్రంగా, బాగా గట్టిగా రుద్దాను."

నిదానానికి కోపం వచ్చేదే తక్కువ. ఇప్పుడొచ్చింది. కానీ ఆ మనిషి తల ఇంకా ఎత్తలేదు. తిట్టడానికి నోరు రాలేదు. సీడీలో సమాచారం లోపలి నుంచి అంచు దాకా చుట్లు చుట్లుగా సాగే ఒకే దారి. అడ్డంగా ఒక గీత పడితే సీడీని చదివే డ్రైవు దాన్ని దాటేసి, పోయిన ముక్కని తనే సరిచేసుకోగలదు. దారి వెంబడే గీత పడితే పొడుగాటి ముక్క మొత్తం పోతుంది. బావ ప్రేమ కొద్దీ చేసింది సరిగ్గా అదే.

ముందు పేరు రాసిన వైపు పరీక్షగా చూశాడు. సమాచారం ఉండే పొర ఆ రంగు కిందే ఉంటుంది, అక్కడ పెచ్చు లేస్తే దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. అదృష్టం, అటువైపు బాగానే ఉంది. గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు కలిపి, మెత్తటి బట్ట తడిపి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాడు. మళ్ళీ మధ్య నుంచి అంచుకి. చంటిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాడు. తెల్లటి పేస్టు కొంచెం కొంచెంగా ఊడి వచ్చింది. మంచినీళ్ళతో కడిగి, పొడిబట్ట అద్ది, తడి లేకుండా ఆరబెట్టాడు.

"పెట్టి తెరువు మరి, చూద్దాం" అన్నాడు బావ.

"తెరవను. తెరిస్తే పాడైన చోట పట్టుకుని వేలాడుతుంది డ్రైవు. ముందు నకలు తీసుకోవాలి."

సీడీ మీద సమాచారమంతా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది. నిదానం వాడే ప్రోగ్రాం వాటిని వరసగా కాపీ చేస్తూ పోతుంది. మొండికేసిన చోట ఆగదు, ఆ చోటు గుర్తుపెట్టుకుని ముందుకెళ్ళిపోతుంది. సులువుగా వచ్చేదంతా వచ్చేశాక, వెనక్కొచ్చి వదిలేసిన వాటిని మళ్ళీ అడుగుతుంది. డ్రైవు కాసేపు గిర్రున తిరిగింది, కాసేపు మూలిగింది. బావ ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ తిరిగి నిదానానికి కళ్ళు తిరిగేలా చేశాడు.

ఇంతలో అక్కే వచ్చేసింది. "ఏరా, ఇద్దరూ కలిసి నా గురించి ఏం కుట్ర చేస్తున్నారు?" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. మాట గట్టిగానే ఉంది. చీర కొంగు మాత్రం వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. నిదానం అది చూసి తెర వైపు తిరిగిపోయాడు.

నకలు చాలావరకు వచ్చింది. ఇక సీడీ జోలికి పోకుండా, ఆ నకల్లోంచే స్కాన్ బొమ్మలు తెరిచాడు. కొత్త స్కాన్ రిపోర్టులో మచ్చ ఎక్కడుందో రాశారు. ఆ చోటుకి వచ్చేసరికి ఊపిరితిత్తి నల్లగా, నున్నగా ఉంది.

బావ తెర మీద ఆ చోట వేలు పెట్టాడు. "లేదు. అప్పుడు లేదు. అంటే కొత్తదే."

అక్క లేచి వచ్చింది. బావ భుజం మీద చెయ్యి వేసింది, అంతే.

"ఆగండాగండి!" నిదానం గొంతు పెద్దది చెయ్యడం వాళ్ళెప్పుడూ వినలేదు. "ఈ నలుపు చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టీలా ఉంది. ఎముక మీద కూడా నలుపే. ఎముక నల్లగా ఉంటుందా ఎక్కడైనా? ఇది ఊపిరితిత్తి కాదు, చదవలేకపోయిన చోటు. దొరకని సెక్టార్ల బదులు ప్రోగ్రాం సున్నాలు నింపింది. గాలి కూడా ఇందులో నలుపే, అందుకే అలా మోసపోయాం."

ఇలాగే డాక్టరుకి ఇచ్చి ఉంటే! ఆ బొమ్మ నంబరు కాగితం మీద రాసుకున్నాడు. పక్క బొమ్మ చూశాడు. అందులోనూ పట్టీ ఉంది, బావ రుద్దిన చుట్టు మహిమ.

అటక మీంచి ఇంకో పాత డ్రైవు దించాడు. ఒకటి చదవలేనిది ఇంకోటి చదువుతుంది ఒక్కోసారి, ఎందుకంటే దేని కన్ను దానిది. సీడీ అందులో పెట్టి, వేగం తగ్గించి, మిగిలిపోయిన సెక్టార్లని మాత్రమే అడగమన్నాడు. వచ్చినవి పాత నకల్లోనే చేరుతున్నాయి. భార్య ఫోన్ చేసి భోజనానికి రమ్మంటే "అక్క ఇక్కడుంది" అని పెట్టేశాడు. ఆవిడ ముగ్గురికీ డబ్బాలు పంపింది. ఎవరూ మూతలు తీయలేదు.

"ఒరేయ్" అంది అక్క మెల్లగా. "మొత్తం వచ్చాక కూడా అక్కడ ఏమీ లేకపోతే?"

నిదానం తెర వదిలి ఆవిడ వైపు తిరిగాడు. "ఉన్నదే చూపిస్తానక్కా. నువ్వు అడిగితే అబద్ధం చెప్పడం నాకెప్పుడు వచ్చింది?"

సాయంత్రం ఎండ మెట్ల మీదికి జారాక బొమ్మ మళ్ళీ తెరిచాడు. పట్టీ సన్నబడి దారమంత మిగిలింది. దాని కిందే, ఊపిరితిత్తి నలుపులో, తెల్లగా ఒక చుక్క.

"ఉంది!" అని అరిచాడు బావ. "ఉందే! నీకు అప్పుడే ఉందే!" భార్య ఒంట్లో మచ్చ ఉందని గంతులేసిన మొగుడు లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. అక్కకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిదానం మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టాడు. పెరిగిందో లేదో చెప్పాల్సింది తను కాదు.

మర్నాడు అక్కా బావలతో వెళ్ళి డాక్టరుగారికి నకలు ఇస్తూ, పూర్తిగా రాని బొమ్మలేవో, నల్ల పట్టీలు ఎక్కడున్నాయో విడిగా చెప్పాడు. డాక్టరమ్మ తల ఊపి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. బావ కుర్చీ అంచుకి జరిగాడు.

"అంతే ఉందండీ. ఇన్నేళ్ళలో ఇసుమంత కూడా పెరగలేదు. ఎప్పటిదో మానిపోయిన మచ్చలా ఉంది. కొయ్యాల్సిన పనిలేదు. దగ్గుకి మందులిస్తాను, ఏడాది తర్వాత ఒకసారి చూపించుకోండి."

వరండాలోకి వచ్చి అక్క బల్ల మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. బావ భయపడి నీళ్ళ కోసం పరిగెత్తబోయాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆకలేస్తోందిరా" అంది.

మచ్చ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆవిడ ముద్ద సరిగ్గా మింగలేదని బావ అప్పుడు చెప్పాడు. నిదానం ఆ చెయ్యి వదలకుండానే లేచి నిలబడ్డాడు. "పద అక్కా, పద" అన్నాడు.