మూడు పాయింట్ రెండు

మా ల్యాబ్‌లో ఆమెను అందరూ లివరక్క అనేవాళ్ళు. వారానికోసారి పొద్దున్నే కబేళాకి వెళ్ళి, అప్పుడే కోసిన పశువు కాలేయాన్ని ఐసు పెట్టెలో తెచ్చేది. దాన్ని ముక్కలు చేసి, మిక్సీలో తిప్పి, వడగట్టి, రోజుల తరబడి శుద్ధి చేస్తే చివరికి మిగిలేది అడుగంటిన కాస్త ఎంజైమ్. మిక్సీ తిరిగిన రోజు ఆ గదిలో ఉండడం మాటలు కాదు. పచ్చి నెత్తుటి వాసన పరదాలకి పట్టేది, నా జడకి పట్టేది, మధ్యాహ్నం విప్పిన అన్నం డబ్బాకీ పట్టేది. పక్క బల్ల నాదే కాబట్టి ఆ రోజంతా ముక్కుకి చున్నీ కట్టుకునే పనిచేసేదాన్ని.

అయినా ఆ వాసన సబ్బుతో పోయేది. నాకు అసలు కంపరం పుట్టించింది మా ప్రొఫెసర్. చాటుగా పెద్దాయన అనేవాళ్ళం. పెన్ను మూతతో చెవి గెలుక్కుని, ఆ మూతే పెన్నుకి తొడిగి, ఆ పెన్నుతోనే మా గ్రాఫుల మీద తప్పొప్పులు దిద్దేవాడు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన కాగితాన్ని నేను రెండు వేళ్ళతో పట్టుకునేదాన్ని. లివరక్క మాత్రం మామూలుగా మడిచి సంచిలో పెట్టుకునేది.

"నీకు రోత అనిపించదా అక్కా?" అని అడిగితే నవ్వేది.

"కాలేయం కోసే చేతులే ఇవి. చెవి గులిమికి భయపడతానా?"

ఆమె బడిలో సైన్సు టీచరుగా చేసి, పెళ్ళయి, పిల్ల పెద్దదయ్యాక పరిశోధనకి వచ్చింది. భర్త పాల వ్యాను డ్రైవరు. కబేళా రోజున ఆమెను వ్యానులోనే తీసుకెళ్ళి, పాల డబ్బాలకి వాడే పెట్టె నిండా ఐసు పోసి, కాలేయం అందులో పడగానే మూత బిగించి మా గేటు దగ్గర దింపేవాడు. ఎంజైమ్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు, వేడి తగిలితే చెడిపోతుందని మాత్రం తెలుసు. పాలు మోసే మనిషికి అంతకన్నా చెప్పనక్కర్లేదు. "మా ఆయన చేతిలో ఇంతవరకూ ఒక్క డబ్బా పాలు విరగలేదు" అని అక్క మురిసిపోయేది.

ఆ ఏడాదితో ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఈలోపు థీసిస్ వేయాలి. పెద్దాయన సంతకం లేకుండా థీసిస్ గడప దాటదు.

పని చెప్పడానికి తేలికే. ఆ ఎంజైమ్‌కి ఒకేలాంటి నాలుగు భాగాలుంటాయి. ఒక భాగానికి సబ్‌స్ట్రేట్, అంటే అది మార్చాల్సిన పదార్థం, అతుక్కుంటే మిగతా భాగాలకి అతుక్కోవడం సులువవుతుంది. కిక్కిరిసిన బస్సులో ఒకడు తోసుకుని ఎక్కాక వెనకవాళ్ళకి దారి దొరికినట్టు. ఈ సహకారం ఎంత గట్టిదో చెప్పే అంకెని హిల్ గుణకం అంటారు. ఒకటి వస్తే ఎవరి గోల వాళ్ళదే. నాలుగు భాగాలున్న దానికి నాలుగు దాటడానికి వీల్లేదు. సబ్‌స్ట్రేట్ గాఢత మారుస్తూ ఒక్కో గాఢత దగ్గర వేగం కొలవాలి. ప్రతి వేగాన్నీ, గరిష్ఠ వేగానికి ఇంకా ఎంత తక్కువ పడిందో ఆ తేడాతో భాగించి, దాని లాగ్‌ని గాఢత లాగ్ మీద గీయాలి. ఆ గీతకి మధ్య భాగంలో ఉండే వాలే గుణకం.

పెద్దాయన తన కుర్రతనంలో ఈ ఎంజైమ్‌కే మూడు పాయింట్ రెండు అని తేల్చాడు. ఆయన కుర్చీ, పలుకుబడి, గోడ మీద దుమ్ము పట్టిన పటం, అన్నీ ఆ అంకె పెట్టిన భిక్షే. దాన్ని కొలిచిన పద్ధతి కూడా ఆయనదే. ల్యాబ్‌లో చేరిన ప్రతివాళ్ళూ అదే పాళ్ళలో కలపాలి, చుక్క మార్చకూడదు.

లివరక్కకీ మొదట మూడు పాయింట్ రెండే వచ్చింది. పెద్దాయన భుజం తట్టాడు. తట్టిన చెయ్యి ఏదో నేను చూశాను కాబట్టి నాకు ఒళ్ళు జలదరించింది.

కానీ గీత చూస్తూ అక్క కదల్లేదు.

"ఇది పైకి పోయేకొద్దీ ఇంకా నిటారుగా లేస్తోందే. రెండు కొసల్లోనూ వాలు ఒకటికి తగ్గుతూ రావాలి కదా?"

"కొలతలో తప్పు పడిందేమో, వదిలేయ్ అక్కా. అంకె వచ్చింది, చాలదా?"

"పైనున్న మూడు గాఢతలకీ ఒకే వేగం వచ్చింది. ఎంజైమ్ అక్కడ ఆగిందా, లేక మనమే ఆపామా?"

ఆమె అనుమానం ఇది. ఆ ఎంజైమ్ తయారుచేసే పదార్థాన్ని యంత్రం నేరుగా చూడలేదు. అందుకని రెండో ఎంజైమ్‌ని తోడు వేస్తాం. తయారైనదాన్ని తయారైనట్టు అది ఇంకోటిగా మారుస్తుంది, ఆ మార్పుని యంత్రం చూస్తుంది. తోడుది పుష్కలంగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. అది చాలకపోతే మాత్రం యంత్రం చూపించేది తోడుదాని వేగమే. అసలు ఎంజైమ్ పరుగెత్తుతూనే ఉంటుంది, మనం మాత్రం అది ఆగిపోయిందనుకుని అదే గరిష్ఠ వేగమని రాసేసుకుంటాం. గరిష్ఠం తక్కువగా రాస్తే తేడా చిన్నదైపోతుంది, భాగహారం ఉబ్బుతుంది, వాలు దొంగగా పెరుగుతుంది.

అక్క తోడు ఎంజైమ్‌ని రెట్టింపు వేసింది. కింది గాఢతల దగ్గర వేగాలు మారలేదు. పైవి లేచాయి. ఇంకా వేసింది, ఇంకొంచెం లేచాయి. మరికాస్త వేస్తే ఇక కదల్లేదు. అప్పుడు వచ్చిన వేగాలన్నిటికీ వక్రాన్ని సరిపెట్టి గరిష్ఠ వేగం తీసి, గీత మళ్ళీ గీసింది. కొసలు బుద్ధిగా వంగాయి. గుణకం ఒకటి పాయింట్ తొమ్మిది.

అంటే సహకారం ఉంది, కాకపోతే పెద్దాయన ఇన్నేళ్ళూ చాటినంత లేదు. ఆయన పద్ధతిలో తోడు ఎంజైమ్ మొదటినుంచీ చాల్లేదు. అంతే సంగతి. ఎవరి కొంపా మునగదు. నేనైతే అలాగే అనుకున్నాను.

ఆయన గదిలోకి నన్నూ తీసుకెళ్ళింది. పెద్దాయన రెండు గీతలూ చూశాడు. మూత తీశాడు. చెవిలో పెట్టుకున్నాడు.

"నీ ఎంజైమ్ చెడిపోయిందమ్మా. నిలవైపోతే వేగం పోదు, సహకారం పోతుంది. పుస్తకాల్లో ఉంది, చదువుకో."

"ఒకే గొట్టంలోది సార్. ఒకే రోజు చేశాను. మీ పాళ్ళలో మూడు పాయింట్ రెండు, తోడు పెంచితే ఒకటి పాయింట్ తొమ్మిది. ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో ఎలా చెడుతుంది సార్?"

ఆయన మూత బయటికి తీసి, కొసను పరీక్షగా చూసుకున్నాడు. ఆ చూపులో ఉన్న శ్రద్ధ ఆమె గీతల మీద పెట్టలేదు.

"నీ అంకె వేసుకో, కాదనను. దాని కింద ఒక్క వాక్యం రాయి. శుద్ధి చేసేటప్పుడు సరిగ్గా చల్లగా ఉంచలేకపోవడం వల్ల ఎంజైమ్ కొంత దెబ్బతిని, గుణకం తగ్గిందని. రాసి పట్రా, సంతకం పెడతాను. గడువు దగ్గర పడుతోంది కదా?"

బయటికి వచ్చాక నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క గీతలు మడిచి సంచిలో పెట్టుకుంది. మర్నాడు ఆ వాక్యం టైపు చేసి తీసుకెళ్ళింది. ఆయన సంతకం పెట్టాడు. ఆమె మీద నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే కోపం కూడా కాదు, ఏవగింపు. కాలేయం వాసన ఐదేళ్ళు భరించిన మనిషి ఈ కుళ్ళుని కూడా భరిస్తోందే అని.

"మా ఆయన ఐదేళ్ళు వ్యాను తిప్పాడు. పిల్ల స్కూల్లో మా అమ్మ డాక్టరవుతోందని చెప్పుకుంటోంది" అంది నా మొహం చూసి. "ఒక్క వాక్యమేగా. ఎవరు చదువుతారు?"

చదివారు. మౌఖిక పరీక్షకి బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు నెమ్మదైన మనిషి. గది నిండా జనం. వెనక వరసలో భర్త, ఇస్త్రీ చొక్కా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్షకుడు సరిగ్గా ఆ పేజీ తీసి పైకి చదివాడు.

"చల్లగా ఉంచలేకపోయారా?"

అక్క పెద్దాయన వైపు చూడలేదు. నేల వైపు చూసింది. "అవునండీ. సరిగ్గా ఉంచలేకపోయాం."

మిగతా ప్రశ్నలు తేలిగ్గా సాగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దలు లోపల టీ తాగుతూ నివేదిక రాసుకుంటున్నారు. మేం వరండాలోకి వచ్చాం. నేను ఆమెను అభినందించాలి కాబట్టి చెయ్యి పట్టుకున్నాను, నా చెయ్యి నాకే జిడ్డుగా తోచింది.

భర్త మా దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో సంతోషం లేదు.

"ఆ సార్ అడిగింది మన పెట్టె సంగతేనా?"

అక్క థీసిస్‌ని చంకలోకి సర్దుకుంది.

"ఐసు తక్కువ పోశానా నేను? ఎప్పుడు? మూత రెండుసార్లు చూసుకునేవాణ్ణే. నీ ఐదేళ్ళ పనీ నా వల్లే పాడైందా? అప్పుడే చెప్పి ఉంటే ఇంకో పెట్టె తెచ్చేవాణ్ణి కదా."

పాల డబ్బా ఒక్కటీ విరగనివ్వని మనిషి తప్పు ఒప్పుకున్నట్టు తల వంచుకున్నాడు. అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, తలుపు తోసుకుని తిన్నగా లోపలికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. పెద్దాయన నోట్లో బిస్కెట్టు ఉంది. పరీక్షకుడి చేతిలో పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది.

"ఇందాక అబద్ధం చెప్పానండీ" అంది. "ఎంజైమ్ చెడిపోలేదు. ఐసు మా ఆయన పోశారు, ఏనాడూ తక్కువ కాలేదు. చాలనిది తోడు ఎంజైమ్."

"గడువు గుర్తుందా అమ్మా?" అన్నాడు పెద్దాయన, బిస్కెట్టు నములుతూనే.

"ఉంది సార్."

పరీక్షకుడు పెన్ను మూత పెట్టి, ఆ వాక్యం తీసేసి మళ్ళీ సమర్పించమన్నాడు. మళ్ళీ సమర్పించాలంటే మళ్ళీ పెద్దాయన సంతకం కావాలి. ఆయన పెట్టలేదు. గడువు దాటింది. ఆ ల్యాబ్‌లో ఇప్పటికీ మూడు పాయింట్ రెండే వస్తుంది, కొత్తగా చేరినవాళ్ళ భుజం తట్టడానికి ఆ చెయ్యి ఇప్పటికీ లేస్తుంది. లివరక్క ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తోంది. పట్టా లేదు. మౌఖిక పరీక్ష అయిన ఆ సాయంత్రం వ్యాను ఎక్కుతూ భర్తతో ఆమె అన్న మాట నాకు వినబడింది.

"మీ వల్ల ఏదీ పాడవలేదండీ. లోపల అందరి ముందూ చెప్పి వచ్చాను."