రంగు డబ్బాల ధర

అరవై ఆరులో రూపాయి విలువ తగ్గించారని రేడియోలో విన్న రోజు ధర్మవరంలో మా ఇంట్లో గొంతు పెంచింది నేనొక్కదాన్నే. అనంతపురంలో అర్థశాస్త్రం చదివి అప్పుడే వచ్చాను. నాకు తెలియనిది లేదనుకునే వయసు.

నాయనవి ఆరు మగ్గాలు. పట్టుచీరలు నేయించి పెనుకొండలో ఒకే ఒక్క బట్టల వ్యాపారికి ఇచ్చేవాడు. శ్రావణ ముహూర్తాలకు జ్యేష్ఠంలోనే ధర మాట్లాడుకునేవారు. ఒకసారి ఒప్పుకుంటే ఆ ముహూర్తాలు అయ్యేదాకా అదే ధర. కాగితమూ లేదు, సంతకమూ లేదు. ఆ ఏడాది మాట అప్పటికే అయిపోయింది.

నేను పలక తీసుకుని లెక్క వేసి చూపించాను. డాలరు సగానికి పైగా ప్రియమైంది. మన రంగులు జర్మనీవి. కాబట్టి రంగు డబ్బా ధర అంతే పెరుగుతుంది, దాని వెనుకే చీర ధర. ఇప్పుడే పెంచకపోతే మునుగుతామన్నాను.

"చీరంతా రంగేనా పాపా? పట్టు మనూరిది, కూలి మనూరిది. రంగెంత పడుతుంది చీరకి?" అన్నాడు నాయన.

అటక మీద ఏడాదికి సరిపడా డబ్బాలున్నాయని కూడా గుర్తు చేశాడు. వాటిని పాత ధరకు కొన్నాం కాబట్టి పాత ధరకే లెక్క కట్టడం తెలివితక్కువని దబాయించాను. మూడు రోజులు తిండి దగ్గర, మగ్గం దగ్గర, గుమ్మంలో అదే వాదన. చివరికి ఆయన అలసిపోయి, చదువుకున్నదానివి, నీకు తెలీకుండా ఉంటుందా అని లొంగిపోయాడు.

పెనుకొండ వెళ్ళి ఆ వ్యాపారికి కొత్త ధర చెప్పాడు. వెంట నేనూ ఉన్నాను. ఆయన నాయన వైపు తిరిగి అడిగాడు.

"ఏమప్పా, రంగు ధర యాడ పెరిగిండాది? నిన్న హిందూపురంలో నా కండ్లారా చూసినా. పాత ధరే ఉండాది."

రేపు పెరుగుతుందని నాయన బదులు నేను చెప్పాను. రేపు పెరిగితే రేపు మాట్లాడుకుందాం, ఇచ్చిన మాట ఈరోజుది కదా అన్నాడాయన. నాయన తల దించుకున్నాడు. ఆ శ్రావణానికి ఆ వ్యాపారి వేరే మగ్గాలవాళ్ళతో ఒప్పుకున్నాడు.

నా మాట నిజమని రుజువు తేవాలని హిందూపురం బస్సెక్కాను. రంగుల దుకాణంలో డబ్బాలు అలాగే ఉన్నాయి, ధరలూ అలాగే ఉన్నాయి. దుకాణదారు నా పలక లెక్కంతా ఓపిగ్గా విన్నాడు.

"చూడమ్మా, ఈ రంగు బయటి దేశం నుంచి తెప్పించే లైసెన్సు ఉండేది ఎవురో నలుగురికి. సరుకు కరువని ముందునుంచే వాళ్ళు దండిగా లాగుతాండారు. ఇప్పుడు రూపాయి తగ్గితే మొదట తగ్గేది వాళ్ళ లాభం. ధర పెంచితే నువ్వు బొంబాయి రంగు కొంటావు, ఆ భయమూ ఉండాది వాళ్ళకి. రూపాయి యాడ తగ్గినా ఆ దెబ్బ మన గల్లాపెట్టె కాడికి నిదానంగా వస్తాది."

కాలేజీలో ఎవరూ చెప్పని పాఠం అది. డాలరు ఒక్క రాత్రిలో మారింది. కానీ ఆ పెంపు ఓడరేవు దగ్గర, లైసెన్సుదారు దగ్గర, దుకాణంలో మిగిలిన పాత సరుకు దగ్గర ఆగి ఆగి వచ్చింది. వచ్చేటప్పటికి కొంత దారిలోనే అరిగిపోయింది. మరుసటి ఏడాదికి రంగు డబ్బా కొంత పెరిగింది, చీర మీద ఆ భారం నామమాత్రం.

ఈలోపు బియ్యం ధర మండిపోయింది. నేను వెంటనే, చూశావా నాయనా, రూపాయి తగ్గితే ఇంతే అన్నాను. ఆయన నవ్వలేదు. "వాన పోయింది రూపాయిని చూసేనా?" అన్నాడు. రెండేళ్ళుగా వానలు లేవని నాకూ తెలుసు. తెలిసీ అన్నాను.

ఆరు మగ్గాలు మూడయ్యాయి. నాయన తిరిగి పెనుకొండ వెళ్ళలేదు. తప్పు తనదేనన్నట్టు తిరిగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను తిరిగి వాదించేదాన్ని, బహుశా అందుకే అనలేదు.

మరుసటి జ్యేష్ఠంలో నేనే పెనుకొండ వెళ్ళాను. ఆ వ్యాపారి కూర్చోమని మజ్జిగ ఇప్పించాడు. నేను చెప్పాల్సింది ఒక్కటే, ఆ ధర నాయనది కాదు, నాదని. దానికి బదులు, నా లెక్క సరైనదేననీ, ఎప్పుడన్నదే తప్పిందనీ, కావాలంటే ఇప్పుడు రంగు ధర చూడమనీ అన్నాను. దుకాణం గుమస్తా కూడా పని ఆపి విన్నాడు.

ఆయన తన గ్లాసు పక్కన పెట్టాడు. "లెక్క కోసం కాదమ్మా నేను అలిగింది. ఇరవై ఏండ్లలో మీ నాయన మాట తప్పడం చూడలే. ఎందుకు తప్పినాడో ఎవురన్నా వచ్చి చెప్తారని చూస్తాంటి."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోరున్నదాన్నే. బస్సు టైమయిందని లేచి వచ్చేశాను.