పంపుల కంపెనీకి హోల్డ్

ఆ ఆఫీసులో ఆమెను అందరూ పంపులమ్మాయి అనేవారు. వాళ్ల నాన్న మోటారు పంపులు బాగుచేసే మెకానిక్. షేర్ల పరిశోధన విభాగంలో చేరాక పంపుల కంపెనీ ఒకదాన్ని గమనించే పని ఆమె చేతికొచ్చింది. మూడు నెలలకోసారి పన్నెండుమంది డీలర్లకు ఫోన్ చేసి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని రిపేరుకు తిరిగొచ్చాయి అని అడిగేది. వాళ్లలో సగంమంది ఆమెను కోడలా అని పిలుస్తారు.

ఆ షేరు కొనమని రెండేళ్ల క్రితం రేటింగిచ్చింది ఆమె మేనేజరే. అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు. అలాంటి షేరును బై నుంచి హోల్డుకు, అంటే కొత్తగా కొనకుండా ఉన్నవి ఉంచుకోమనే రేటింగుకు, దించాలని ఆయనకే మెయిల్ రాయాల్సి వచ్చింది. ఆమె మార్చబోయే మొదటి రేటింగు అదే.

మొదటి మెయిల్ రెండు పేజీలయింది. అంతా కంపెనీ పొగడ్తే, అసలు సంగతి ఆఖరి లైనులో. మేనేజరు ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? పిల్ల బంగారం అని రెండు పేజీలు చెప్పి, సంబంధం వద్దన్నట్టుంది. అసలు మాట ముందు చెప్పు."

ఆమె తిరిగి రాసింది:

"సార్, రేటింగును హోల్డుకు మార్చాలని నా ప్రతిపాదన. కంపెనీ చెడలేదు, ధర పెరిగింది. వచ్చే ఏడాది ఒక్కో షేరుకు లాభం అంచనా 26.5 రూపాయలు. ఎప్పటిలాగే దానికి ఇరవై రెట్లు ధర కడితే లక్ష్య ధర 530. ఇప్పుడున్న ధర 490. పెరగడానికి మిగిలింది ఎనిమిది శాతమే. బై అనడానికి మన నియమం ప్రకారం పదిహేను ఉండాలి."

ఒక్క ముక్క జవాబొచ్చింది: "ఇరవై రెండు రెట్లు కడితే?"

ఆమె లెక్క వేసింది. లక్ష్యం 583, పెరుగుదల పంతొమ్మిది శాతం. బై నిలుస్తుంది, ఆయన ముచ్చటా నిలుస్తుంది. కాదంటే తన మీద ఆయనకున్న అభిమానం ఏమవుతుందోనని గుబులు. డీలర్లకు మళ్లీ ఫోన్లు చేసింది. అమ్మకాలు బాగానే ఉన్నాయి, కానీ నిరుటికంటే జోరేమీ లేదన్నారు. సరుకు కావాలా కోడలా అని కూడా అడిగారు.

"బై నిలుస్తుంది సార్," అని రాసింది. "కానీ ఎక్కువ రెట్లు కట్టాలంటే లాభం ఇంకా వేగంగా పెరుగుతుందన్న ఆధారం కావాలి. నాకు దొరకలేదు. ఇప్పుడు మారిస్తే రేటింగు కోసం మార్చినట్టే. అంచనా పెరిగినా, ధర 460కి దిగినా మళ్లీ బై అంటాను."

జవాబు కోసం చూస్తూ ఆమె రెండుసార్లు నీళ్లు తాగొచ్చింది. తర్వాత మేనేజరు పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేనైతే ఇరవై రెండు కట్టేసేవాణ్ణి. ఆ షేరంటే నాకు పిచ్చి. రేపు రేటింగుల కమిటీకి నువ్వే చెప్పు."

"మీరు రారా సార్?"

"వస్తా. వెనక కూర్చుంటా. నేను నోరు తెరిస్తే మళ్లీ బై అంటానేమో."

మర్నాడు కమిటీ పావుగంటలో సరేనంది. ఆయన వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చుని, ఆమె చెప్పే ప్రతి అంకెకూ తల ఊపుతూనే ఉన్నాడు.