తొంభై వేసిన చెయ్యి

మా నర్సింగ్ కాలేజీలో పాస్ మార్కు తేల్చడానికి ఆరుగురు టీచర్లం కూర్చున్నాం. పాసో ఫెయిలో చెప్పలేని పిల్లలు వందమంది ఉన్నారనుకుంటే, వాళ్ళలో ఎందరు సరిగ్గా రాస్తారని ప్రతి ప్రశ్నకూ అంచనా వేయాలి. అన్నిటి సగటే పాస్ మార్కు. నేను దాదాపు అన్నిటికీ తొంభై వేశాను.

"ఏందక్కా ఇది? నువ్వు ఫస్ట్ ర్యాంకు పిల్లను తలుచుకుంటా ఉండావు," అంది పక్క టీచరు.

మార్చుకోమని అందరికీ ఇంకో అవకాశం ఇచ్చారు. "ఇంతమాత్రం తెలియనివాళ్ళు నర్సులెందుకు?" అని విసురుగా అన్నాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. నా అంకెల వల్ల పాస్ మార్కు ఒకటి పెరిగింది.

ఫలితాలొచ్చాక, ఒక్క మార్కుతో తప్పిన, బాహూరు ఊరి నుంచి వచ్చి చదువుకునే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "యాడ తప్పు చేసినాను మేడమ్?" అని అడిగింది.

ఆ రోజు నేను తలుచుకోవాల్సిన ముఖం అదే. ఏడాది పొడవునా మూడో బెంచీలో నా ఎదురుగానే ఉంది.