ఐదో గడి

నర్సింగు చదివే రోజుల్లో మందుల పాఠం చెప్పే మేడమ్ ఒక్కో జాతికి ఒక్క మందునే నేర్పేది. కాగితం మీద ఐదు గడులు: జాతి, పనిచేసే తీరు, వాడకం, చెడు ప్రభావాలు, దేంతో కలిస్తే ప్రమాదం. ఒకటి వస్తే దాని చెల్లెళ్లన్నీ వచ్చినట్టేనట. నేను మెట్రోనిడజోల్ బట్టీ పట్టాను.

టేకులపల్లి దవాఖానాలో ట్రైనింగప్పుడు, జిగట విరేచనాలతో వచ్చిన ఒకతనికి డాక్టరు టినిడజోల్ రాశాడు. మెట్రోనిడజోల్‌కు చెల్లెలే కదా అని గడులన్నీ అతనికి అప్పజెప్పాను: క్రిమి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, నోరు ఇనుము నాకినట్టుంటుంది, సారా తాగితే వాంతులు, గుండెదడ. అతను గోడవైపు చూశాడు. పక్కనున్న భార్య మాత్రం శ్రద్ధగా వింది.

వారానికి ఆమె ఒక్కతే వచ్చింది. గోలీ మింగినంక ఇప్పసారా తాగి, నేను చెప్పినట్టే కక్కి కక్కి పడ్డాడట.

"విరేచనాలు తగ్గినయా?" అన్నాను.

"అవ్, తగ్గినయ్. ఆ గోలీలే ఇంకిన్ని ఇయ్యమ్మా."

"తగ్గినంక ఎందుకు?"

"అట్ల కక్కినంక, అవి అయిపోయేదాకా సీసా ముట్టలే. ఇప్పుడు మళ్ల మొదలువెట్టిండు."

అట్లా ఇవ్వకూడదని చెప్పి పంపించాను. నా ఐదో గడిలోని ప్రమాదాన్ని మూడో గడిలో వాడకంగా రాసుకుందని హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించాను.

అచ్చం ఆ వాడకానికే, తాగితే కక్కించి తాగుడు మాన్పించడానికే, డైసల్ఫిరమ్ అనే మందు ఉందని మేడమ్ మరుసటి నెల నేర్పింది.